కుక్కపిల్లకు సరే అనేముందు మా ఇంట్లో రాసుకున్న లెక్క

మా అమ్మాయి నాలుగో తరగతిలోకి వెళ్లిన జూన్ నెలలో కుక్కపిల్ల కావాలని అడిగింది. ఆ మాట పూర్తికాకముందే వాళ్ల నాన్న సరే అన్నారు. నేను సరే అనడానికి మాత్రం ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో నేను కుక్కను ఇష్టపడని మనిషిగా, పిల్ల సంతోషానికి అడ్డుపడే తల్లిగా మా ఇంట్లోనూ, మా ఆడబిడ్డ ఇంట్లోనూ పేరు తెచ్చుకున్నాను. నాకు కుక్కలంటే అయిష్టం లేదు. నా భయం కుక్కతో వచ్చే పని గురించి, అందులోనూ పని అని ఎవరూ లెక్కపెట్టని పని గురించి. ఇంట్లో ఇలాంటి చర్చ నడుస్తున్నవాళ్లకు ఉపయోగపడుతుందనే ఉద్దేశంతో మేము చేసిన ప్రయత్నాన్ని జరిగింది జరిగినట్టుగా రాస్తున్నాను.

మేము హనుమకొండలో వడ్డేపల్లి వైపు ఉంటాం. మావారు ఇంటర్ కళాశాలలో అధ్యాపకులు, కళాశాల ఇంటికి బండి మీద పది నిమిషాల దూరం. నేను జనగామలో ఒక బ్యాంకు శాఖలో పనిచేస్తాను. ఉదయం ఏడున్నరకు ఇల్లు దాటి కాజీపేటలో రైలెక్కితే తిరిగి ఇంటికి చేరేసరికి రాత్రి ఏడు దాటుతుంది. ఇంట్లో మా అత్తమ్మ ఉంటారు. ఆమెకు అరవై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి.

నా భయానికి ఒక పాత కారణం ఉంది. కరోనా సమయంలో ఇంట్లో అందరం ఉన్నప్పుడు ఇలాగే ముచ్చటపడి చేపల తొట్టి తెచ్చుకున్నాం. మొదటి నెల తండ్రీ కూతుళ్లు ఇద్దరూ పోటీపడి మేత వేశారు. రెండో నెలలో మేత వేసింది ఎవరు, వేయనిది ఎవరు అన్నది నేను గుర్తుపెట్టుకోవలసి వచ్చింది. మూడో నెలకు నీళ్లు మార్చడం, గోడలకు పట్టిన నాచు గీకడం, మోటారు వడపోత కడగడం అన్నీ నావే అయ్యాయి. ఒక వారం శాఖలో తనిఖీ వల్ల నేను పట్టించుకోలేకపోతే ఐదు చేపలు చచ్చిపోయాయి. ఆ రోజు మావారు నన్ను అడిగిన ప్రశ్న, "నీళ్లు మార్చలేదా?" అన్నది. కోపంతో అన్న మాట కాదు, మామూలుగానే అడిగారు. కానీ ఆ మాటతో ఆ తొట్టి ఎవరి బాధ్యతగా మారిపోయిందో నాకు స్పష్టంగా తెలిసింది. చేప చనిపోతే బాధపడి ఊరుకున్నాం. కుక్క పన్నెండు, పదమూడేళ్లు బతికే ప్రాణి.

"అమ్మా, నేనే చూసుకుంటా. నీకు ఒక్క పని కూడ చెప్పను" అని మా అమ్మాయి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. "అడుగుతుంది కదా, తెద్దాం. చిన్న కుక్కపిల్లకు ఎంత పని ఉంటది?" అని మావారు అనేవారు. ఈ రెండు మాటల మధ్య నా ప్రశ్న ఎక్కడో జారిపోయేది. తొమ్మిదేళ్ల పిల్ల ఇచ్చిన మాట మీద ఒక ప్రాణాన్ని ఇంటికి తేవడం తప్పని నాకు గట్టిగా అనిపించేది. పిల్ల అబద్ధం చెప్పడం లేదు. చెప్పేటప్పుడు నిజంగానే నమ్మి చెబుతోంది. కానీ జ్వరం వచ్చిన రోజు, పరీక్ష ఉన్న రోజు, విసుగు పుట్టిన రోజు కూడా కుక్క తినాలి, బయటికి వెళ్లాలి. కాబట్టి ఒప్పందం నాకూ పిల్లకూ మధ్య కాదు, నాకూ మావారికీ మధ్య జరగాలి. ఇది తేలడానికే మాకు దసరా దాటింది.

దీపావళి తరువాత ఒక ఆదివారం రాత్రి ఇద్దరం చెరొక కాగితం తీసుకుని, కుక్కపిల్ల వస్తే ఉండే పనులన్నీ విడివిడిగా రాసుకున్నాం. ఆయన కాగితంలో ఐదు పనులు ఉన్నాయి: తిండి, నడక, స్నానం, డాక్టరు, ఆట. నా కాగితంలో ముప్ఫై ఒకటి ఉన్నాయి. ఆయన కావాలని తక్కువ రాయలేదు, నేను కావాలని పెంచలేదు. ఆయన 'తిండి' అని రాసిన చోట నేను, కోడిగుడ్లు అయిపోతున్నాయని ముందురోజే చూడటం, ఉల్లిపాయ, వెల్లుల్లి పడని అన్నం విడిగా తీసిపెట్టడం, ఉడికించిన కోడి ఎముకలు దానికి అందకుండా పారేయడం, గిన్నె కడగడం, మధ్యాహ్నం తినిందా లేదా అని అడగడం అని రాశాను. ఆయన 'డాక్టరు' అన్నచోట నేను టీకా తేదీ గుర్తుంచుకోవడం, ఆ రోజు ఎవరు తీసుకెళ్తారో ముందే మాట్లాడటం, కార్డు పోకుండా దాచడం, నులిపురుగుల మందు మొదట్లో పదిహేను రోజులకోసారి వేయడం అని రాశాను. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నేను రాసినవి చేతుల పనులు. నువ్వు రాసినవాట్ల సగం బుర్రల పెట్టుకునే పనులు" అన్నారు. నాకు ఆ మాట చాలా ఊరటనిచ్చింది, ఎందుకంటే ఐదు నెలలుగా నేను చెప్పలేకపోతున్నది అదే. చేయమంటే చేసే మనిషి ఇంట్లో ఉండటం ఒక సంగతి, ఎవరూ చెప్పకుండానే గుర్తుపెట్టుకునే మనిషి ఉండటం వేరే సంగతి. నేను భయపడింది గిన్నె కడగడానికి కాదు, కడిగారా అని రోజూ అడిగే మనిషిగా మారడానికి.

ఆ రాత్రి మరొక సంగతి కూడా బయటపడింది. పగలు నేనూ ఉండను, ఆయనా ఉండరు, పిల్ల బడిలో ఉంటుంది. అంటే ఇద్దరం కలిసి ఎంత న్యాయంగా పంచుకున్నా పగటి పని అత్తమ్మ మీద పడుతుంది. నా మీద పడకుండా చూసుకుని ఆమె మీద పడేస్తే అది పంపకం అనిపించుకోదు. మరునాడు ఆమెను కూర్చోబెట్టి అడిగాం. "తిండి పెడత బిడ్డా, కని వంగి నేల తుడుసుడు నాతోని కాదు. గది మీరు చూసుకోవాలె" అని ఆమె తేల్చి చెప్పారు. ఆమె అంత స్పష్టంగా చెప్పడం మాకు మేలు చేసింది. మధ్యాహ్న విరామంలో మావారు ఇంటికి వచ్చి నేల తుడవడం, కుక్కపిల్లను బయటికి తీసుకెళ్లడం తన పని అని అక్కడికక్కడే రాసుకున్నాం.

నవంబరులో ఇరవై ఒక్క రోజులు కుక్క లేకుండానే కుక్క పని చేసి చూశాం. ఇది నా ఆలోచన. ఉదయం ఐదుంపావుకు మావారూ అమ్మాయీ లేచి ఇరవై నిమిషాలు వీధిలో నడిచి రావాలి. ఖాళీ గిన్నెను రోజుకు మూడుసార్లు కడిగి బోర్లించాలి. నేను ఇంట్లో ఉన్న సమయంలో ఎప్పుడో ఒకప్పుడు, ఎక్కడో ఒకచోట, అరగ్లాసు నీళ్లు నేల మీద ఒలకబోసేదాన్ని. చూసినవాళ్లు నన్ను పిలవకుండా తుడవాలి. రెండుసార్లు రాత్రి రెండు గంటలకు కూడా మావారిని లేపాను, ఎందుకంటే రెండు నెలల కుక్కపిల్ల రాత్రంతా ఆపుకోలేదు. నెలల వయసుకు ఒకటి కలిపితే ఎంతవుతుందో సుమారుగా అన్ని గంటలు మాత్రమే అది ఆపుకోగలదు, అంటే రెండు నెలల పిల్లకు మూడు గంటలు, అదీ నిద్రలో.

ఈ ఇరవై ఒక్క రోజుల్లో మావారు పంతొమ్మిది రోజులు లేచారు. మా అమ్మాయి పదమూడు రోజులు లేచింది. లేవని ఎనిమిది రోజుల్లో రెండు రోజులు జ్వరం, మిగిలినవి చలి. నేను పిల్లను ఒక్క మాట అనలేదు. ఆమె పదమూడు రోజులు లేవడమే ఎక్కువని నాకు అనిపించింది. కానీ దానివల్ల ఒక నిర్ణయం తీసుకున్నాం: అమ్మాయికి ఇచ్చే పని ఏదైనా, ఒకరోజు జరగకపోతే కుక్కకు నష్టం లేనిదై ఉండాలి. సాయంత్రం దువ్వడం, కూర్చోమంటే కూర్చునేలా నేర్పడం, నీళ్ల గిన్నె మార్చడం ఆమెవి. నీళ్ల గిన్నెను అత్తమ్మ కూడా చూస్తారు. ప్రాణానికి సంబంధించినవన్నీ పెద్దవాళ్లవి. పిల్లకు బాధ్యత నేర్పడానికి కుక్కను తేవాలని చాలామంది చెబుతారు. నాకు తెలిసినంతవరకు, పిల్ల బాధ్యత నేర్చుకునేలోపు ఆకలితో ఉండాలని ఏ కుక్కకూ రాసిపెట్టలేదు.

జాతి కుక్క కావాలా, వీధి కుక్కపిల్ల కావాలా అన్న చర్చ మా ఇంట్లో ఎక్కువసేపు నడవలేదు. మా అమ్మాయి స్నేహితురాలి ఇంట్లో ఒత్తు బొచ్చు కుక్క ఉంది. మే నెలలో మన ఎండకు అది పడే అవస్థ, దాని బొచ్చు ఊడి ఇల్లంతా పరుచుకోవడం చూశాను. మా వెనక వీధి కిరాణా దుకాణం పక్కన ఒక ఊరకుక్క నవంబరు రెండో వారంలో ఐదు పిల్లలను పెట్టింది. వాటిలో జొన్న రొట్టె రంగున్న ఆడపిల్లను అమ్మాయి ఎంచుకుంది. పిల్లను ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంచాం. అంతకు ముందే తెస్తే తల్లిపాలూ పోతాయి, తోటి పిల్లలతో ఆడుతూ ఎంత గట్టిగా కరిస్తే నొప్పి పుడుతుందో నేర్చుకునే అవకాశమూ పోతుంది. సంక్రాంతి తరువాతి శనివారం దాన్ని ఇంటికి తెచ్చాం. పేరు జొన్న అని అమ్మాయే పెట్టింది. అత్తమ్మ మొదటిరోజు నుంచీ జొన్నమ్మ అనే పిలుస్తున్నారు.

తెచ్చేటప్పుడే మూడు వారాల గడువు పెట్టుకున్నాం. ఆ మూడు వారాలూ ఎవరు ఎంతసేపు ఏం చేశారో రాత్రి పడుకునే ముందు నోటుపుస్తకంలో రాయాలి. మూడో వారం చివర నా మీద పడ్డ పని వారానికి మూడు గంటలు దాటితే, ఆత్మకూరు దగ్గర పొలంలో ఉండే మా చిన్నమామ ఇంటికి జొన్న వెళ్తుంది. ఆయనతో ముందే మాట్లాడి ఉంచాం. ఈ సంగతి అమ్మాయికి దాచలేదు. ఆమె ఏడ్చింది. అయినా చెప్పడమే సరైనదని ఇప్పటికీ అనుకుంటున్నాను, ఎందుకంటే నా చేతిలో ఏ గడువూ లేకుండా సరే అని ఉంటే నాకు అది ఎంపిక అయ్యేది కాదు.

మొదటి వారం నేను అనుకున్నంత కష్టంగానే గడిచింది. నిద్ర లేచిన వెంటనే, తిన్న పది పదిహేను నిమిషాలకు, ఆట ఆగిన వెంటనే కుక్కపిల్ల మూత్రం పోస్తుంది. ఈ మూడు సమయాలు పట్టుకుంటే సగం సమస్య తీరుతుందని పుస్తకాల్లో చదివినట్టు చెప్పడం తేలిక. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాక దాన్ని ఎత్తుకుని వాకిట్లోకి పరుగెత్తడానికి మనకు దొరికేది నాలుగైదు క్షణాలే. ఒకరోజు రాత్రి మూడు గంటలకు నేను నీళ్లు తాగడానికి లేచేసరికి మావారు వంటగది గడప దగ్గర గొంతుక్కూర్చుని, ఫోను వెలుతురులో పాత బనియనుతో నేల అద్దుతున్నారు. రుద్దడం లేదు, అద్దుతున్నారు. రుద్దితే బండల సందుల్లోకి పోతుందని ఆయనే కనిపెట్టారు. ఆ తరువాత సబ్బునీళ్లతో తుడిచి, సగం నీళ్లు కలిపిన వెనిగర్ చల్లారు. మొదటి రెండు రోజులు మేము ఫినాయిల్ వాడాం. ఫినాయిల్ వాసన మన ముక్కును కప్పేస్తుంది గానీ కుక్క ముక్కుకు కింద ఉన్న మూత్రం వాసన అలాగే తెలుస్తుంది, అందుకే అది మళ్లీ అదే చోటికి వచ్చింది. పైగా పిల్ల నేల నాకుతుంది, ఫినాయిల్ దానికి విషం. ఆ రాత్రి జొన్న ఆయన మోకాలి పక్కనే పడుకుని బనియను అంచు లాగుతోంది. నేను సాయం చేయబోతే, "నువ్వు పో, పడుకో. పొద్దున రైలుంది" అన్నారు. మంచం మీదికి వచ్చాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. చేపల తొట్టి నాటి మనిషి ఈయనేనా అనుకున్నాను.

తొమ్మిదో రోజు సాయంత్రం ఆటలో జొన్న పన్ను అమ్మాయి బొటనవేలి మీద గీసుకుంది. పాలపళ్లు సూదుల్లా ఉంటాయి. రక్తం రాలేదు గానీ తోలు లేచింది. జొన్నకు రేబిస్ టీకా ఇంకా వేయలేదు, పన్నెండు వారాలు నిండితేనే వేస్తారు. అత్తమ్మ పసుపు అద్దుదామన్నారు. నేను వద్దని, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గడియారం చూసి కడిగాను. పదిహేను నిమిషాలు పిల్ల చేయి పట్టుకుని నిలబడితే ఎంత ఎక్కువ సమయమో తెలుస్తుంది, రెండు నిమిషాలకే చాలనిపిస్తుంది. ఆపకూడదు. పసుపు, కారం, నూనె ఏదీ పెట్టకూడదు, కట్టు కట్టకూడదు. మావారు వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లారు. రక్తం వచ్చి ఉంటే టీకాతో పాటు గాయం చుట్టూ వెంటనే రక్షణనిచ్చే ఇమ్యునోగ్లోబులిన్ మందు కూడా ఇచ్చేవాళ్లమని, రాలేదు కాబట్టి టీకా చాలునని డాక్టరు చెప్పారు. మొదటిరోజును సున్నాగా లెక్కపెట్టి మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు మళ్లీ వెళ్లాలి, వెళ్లిన ప్రతిసారీ రెండు భుజాలకూ తోలులో సన్నసూది. ఇంట్లో పెంచుకునే చిన్నపిల్లే కదా అని చాలా ఇళ్లలో ఈ నాలుగుసార్ల సూదులు వదిలేస్తారు. వీధిలో పుట్టిన పిల్ల, తల్లికి టీకా ఉందో లేదో తెలియదు, కాబట్టి వదలకూడదు.

నేను ఏ తేదీనీ గుర్తుచేయనని ఒప్పందంలో రాసుకున్నాను. అమ్మాయి సూదుల విషయంలో మాత్రం ఆ మాట పక్కన పెట్టి నేనూ నా ఫోనులో పెట్టుకున్నాను. నాలుగుసార్లూ మావారే తీసుకెళ్లారు, నేను గుర్తుచేయవలసిన అవసరం రాలేదు.

జొన్న టీకా విషయంలో అలా జరగలేదు. పార్వో, డిస్టెంపర్ వంటి జబ్బులకు కలిపి వేసే టీకా మొదటిది తొమ్మిదిన్నర వారాల వయసులో వేయించాం, రెండోది నాలుగు వారాలకు, ఫిబ్రవరి మధ్యలో. అప్పుడు ఇంటర్ ప్రాక్టికల్ పరీక్షలు. మావారు పొద్దున వెళ్తే చీకటి పడ్డాక వచ్చేవారు. టీకా తేదీ బుధవారం. నాకు ఆ తేదీ తెలుసు. కార్డు నేను చూశాను, అది నా బుర్రలో నుంచి పోలేదు. బుధవారం పోయింది, గురువారం పోయింది. నేను నోరు మెదపలేదు. ఆ మౌనం నేను చేసిన పనుల్లో అన్నిటికంటే కష్టమైనది, సరైనదో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. గుర్తుచేస్తే ఆ క్షణం నుంచీ ఆ కార్డు నాది అయిపోతుందని నాకు తెలుసు. గుర్తుచేయకపోతే నష్టపోయేది మా ఇద్దరి గొడవతో సంబంధం లేని ఒక ప్రాణి. ఎనిమిదో రోజు నేనే ఓడిపోయి చెప్పాను. అప్పటికే అంతకు మూడు రోజుల ముందు ఆదివారం తండ్రీ కూతుళ్లు దాన్ని కాలనీ పార్కులో మట్టిలో వదిలి ఆడించి వచ్చారు.

పశువైద్యుడు కోప్పడలేదు గానీ వివరంగా చెప్పారు. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు. ఆ రక్షణ ఒక్కో పిల్లకు ఒక్కో వారంలో తగ్గిపోతుంది, ఎప్పుడు తగ్గుతుందో బయటికి కనిపించదు. అందుకే పదహారు వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేస్తూ పోతారు, వాటిలో ఏదో ఒకటి సరైన సమయంలో పడుతుంది. తల్లి రక్షణ తగ్గి, టీకా ఇంకా పట్టని ఆ మధ్య రోజులే పార్వోకు దారి. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, జబ్బు కుక్క అక్కడి నుంచి వెళ్లిపోయాక కూడా. వారం పది రోజులు గమనించమన్నారు. తిండి మానేసి ముడుచుకుని పడుకుంటే, వాంతులు చేసుకుంటే, ముక్కు మూసుకునేంత దుర్వాసనతో నెత్తురు విరేచనాలైతే ఒక్క గంట కూడా ఆగకుండా తీసుకురమ్మన్నారు. ఆ పది రోజులు మావారు ప్రతి ఉదయం దాని విరేచనం చూసి, రంగు, గట్టితనం పుస్తకంలో రాశారు. జొన్నకు ఏమీ కాలేదు.

ఆ వారం మేము ఒప్పందాన్ని మార్చాం. నేను గుర్తుచేయడం అందులో చేరలేదు. గోడ మీది తెలుగు క్యాలెండరులో ఆయనే ఎర్ర పెన్నుతో ఆరు నెలల తేదీలన్నీ గుండ్రంగా చుట్టారు: మూడో టీకా, రేబిస్ టీకా, నెలకోసారి పురుగుల మందు. ప్రతి ఆదివారం రాత్రి భోజనం దగ్గర రాబోయే వారంలో జొన్నకు ఏముందో ఆయన అందరికీ వినిపిస్తారు. తనకు వీలుకాని రోజు ఉంటే ఎవరు చేస్తారో అడిగి కుదుర్చుకోవడం కూడా ఆయన పనే. నన్ను అడిగితే నేను ఒప్పుకోవచ్చు, లేదనవచ్చు. ఒకటి రెండుసార్లు లేదన్నాను కూడా. అప్పుడు వెనక ఇంటి డిగ్రీ చదివే అబ్బాయిని పిలిచారు.

మూడు వారాల లెక్క ఇక్కడ చెప్పాలి. మొదటి వారం ఇంట్లో అందరం కలిసి జొన్న కోసం ఇరవై రెండు గంటలు పెట్టాం. మావారివి పన్నెండు, నావి ఐదున్నర, అత్తమ్మవి మూడు, అమ్మాయివి ఒకటిన్నర. ఆ ఐదున్నర చూసి నేను ఇక కుదరదనుకున్నాను. కానీ వరుసలు చదివితే అందులో మూడు గంటలు ఎవరూ అడగకుండా నేనే పోయి చేసినవి. ఆయన తుడిచిన చోటే మళ్లీ తుడిచాను, ఆయన కలిపిన అన్నంలో గుడ్డు సరిగా నలగలేదని మళ్లీ కలిపాను. రెండో వారం నుంచి ఆ పక్కకు వెళ్లడం మానుకున్నాను. మూడో వారం మొత్తం పదహారు గంటలకు తగ్గింది, నావి రెండుంపావు. మూడు గంటలకు లోపే. చిన్నమామకు ఫోను చేసి జొన్న రావడం లేదని చెప్పాం.

తిండి విషయంలో అత్తమ్మతో కొంచెం మాట్లాడవలసి వచ్చింది. ఆమె చిన్నప్పటి ఇళ్లలో కుక్కకు పాలన్నం, పెరుగన్నం మిగిలినవి పెట్టేవారు. ఆవుపాలకు జొన్నకు రెండు రోజులు విరేచనాలయ్యాయి. పెరుగు కొద్దిగా పడింది గానీ పెరుగన్నం ఒక్కటే పెరిగే పిల్లకు చాలదు, మాంసకృత్తులు కావాలి. ఇప్పుడు ఉడికించిన గుడ్డు, ఎముక తీసిన కోడి, కొంచెం అన్నం, ఉప్పు కారం లేకుండా. మూడు నెలలదాకా రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలలదాకా మూడుసార్లు, తరువాత రెండుసార్లు. పొద్దున్న నాలుగు గిన్నెల్లో తిండి సర్దిపెట్టి వెళ్లడం మావారి పని కాబట్టి అత్తమ్మ గిన్నె తీసి ముందు పెడితే చాలు.

మార్చి చివర నుంచి ఎండలు ముదిరాక నడక ఉదయం ఆరులోపు, రాత్రి ఏడున్నర తరువాత. అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలకూ కాలుతుందని అమ్మాయికి నేర్పాం. రోజూ చేయి ఆనించి చూసి "ఇంక కాలుతుంది డాడీ" అని వెనక్కి తీసుకొచ్చేది. సాయంత్రం దువ్వేటప్పుడు చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో వెతకడం కూడా ఆమె పని. దొరికితే వేళ్లతో నలపకుండా నాన్నను పిలుస్తుంది, ఆయన చిమటాతో తోలుకు దగ్గరగా పట్టి నిదానంగా లాగి సబ్బునీళ్ల గిన్నెలో వేస్తారు.

జూన్‌లో జొన్నకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. మొదటిసారి ఎదకు రాకముందే చేయించాలని పశువైద్యుడు చెప్పారు. ఆడపిల్లను ఎంచుకున్నప్పుడే ఈ పని కూడా ఎంచుకున్నామని మావారికి ముందే చెప్పాను. కుట్లు నాకకుండా మెడకు గరాటులాంటి పట్టీ వేశారు. పది రోజులు అది గోడలకు, తలుపులకు తగులుకుంటూ తిరిగింది. మొదటి రెండు రోజులు ఆయన సెలవు పెట్టారు. ఆ సెలవు ఆయన ఖాతాలోదే.

ఇప్పటికీ నా మీద ఉన్న పని ఒకటి ఉంది. బొచ్చు. ఊరకుక్కకు తక్కువే రాలుతుంది, కానీ కాలం మారినప్పుడు రాలుతుంది. నల్ల చీర కట్టుకుని బ్యాంకుకు వెళ్లే రోజు కొంగు మీద జొన్న రంగు వెంట్రుకలు కనిపిస్తాయి. రోజూ ఊడ్చినా నేను మళ్లీ ఊడుస్తాను, అది ఎవరూ చెప్పని పని, లెక్కలోకి రావడం లేదు. దీని గురించి మేము ఇంకా మాట్లాడుకోవాలి.

గత నెల కరీంనగర్‌లో మా పెదనాన్న మనవరాలి పెళ్లికి మూడు రోజులు అందరం వెళ్లాలి. పెళ్లి పత్రిక వచ్చిన రోజే నాకు జొన్న ఎక్కడ ఉంటుందన్న ఆలోచన వచ్చింది, పాత అలవాటు. రాత్రి అన్నం తినేటప్పుడు ఆ మాట అడుగుదామని తల ఎత్తేసరికి క్యాలెండరులో ఆ మూడు తేదీల పక్కన ఎర్ర సిరాతో వెనక ఇంటి అబ్బాయి పేరు, దాని కింద 'తాళం చెవి, గుడ్లు ఆరు' అని రాసి ఉంది.